‘ఎంపిక కాలేదు’ అంటే అంతే

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందుల్లోని హాస్టళ్లలో సాయంత్రం ఐదు దాటాక ఓ రకం నిశ్శబ్దం మొదలవుతుంది. కంపెనీల హెచ్‌ఆర్‌ వాళ్లు ఆ రోజు మెయిళ్లు పంపేసి ఇంటికి బయల్దేరే వేళ అది. ముగ్గురుండే గదిలో ముగ్గురి చూపూ ఫోన్ల మీదే. మెయిల్‌ వస్తే మొత్తం చదవక్కర్లేదు, రెండో వాక్యంలో ‘అన్‌ఫార్చునేట్లీ’ ఉందో లేదో చూస్తే చాలు. ఉంటే ఫోన్‌ బోర్లా పడుతుంది. పక్కవాడు ఏమైందని అడగడు. కాసేపాగి ‘టీ తాగొద్దాం పదరా’ అంటాడు.

అలాంటి గదిలోనే నరసరావుపేట దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఓ కుర్రాడు ఉన్నాడు. నాన్నది మూడెకరాల మిర్చి. బీటెక్‌ 2024లో అయింది. ఎక్సెల్‌ షీట్‌లో లెక్క రాసుకున్నాడు: పెట్టిన దరఖాస్తులు 212, ఇంటర్వ్యూ దాకా వెళ్లినవి 17, వచ్చిన ఉద్యోగం సున్నా. ‘పదో ఇంటర్వ్యూ దాకా ఆ కంపెనీలే బాగోలేవనుకున్నానండి. ఆ తర్వాత నేనే బాగోలేననిపించింది’ అన్నాడు.

రెండో మాట తప్పు. ఓదార్పు కోసం అంటున్నది కాదిది, లెక్క చూసినా తప్పే.

ఒకే చదువు, ఒకే తెలివి ఉన్న వందమంది కుర్రాళ్లను ఊహించుకుందాం. ప్రతి ఇంటర్వ్యూలోనూ పదిమందిలో ఒకరికి ఉద్యోగం వస్తుందనుకుందాం. మొదటి ఇంటర్వ్యూకి పదిమంది బయటపడతారు, తొంభైమంది మిగులుతారు. రెండోసారి ఆ తొంభైలో తొమ్మిదిమంది వెళ్లిపోతే 81 మంది ఉంటారు. ఇలా తీసేస్తూ పోతే పదో ఇంటర్వ్యూ అయ్యాక కూడా దాదాపు 35 మంది ఖాళీగానే ఉంటారు. పదిహేడో ఇంటర్వ్యూ తర్వాత సుమారు 17 మంది. ఈ పదిహేడు మందికీ మొదటిరోజే ఉద్యోగం కొట్టినవాళ్లకీ ప్రతిభలో తేడా లేదని మనం ముందే అనుకున్నాం. అయినా వాళ్లలో ప్రతి ఒక్కడూ రాత్రిపూట పైకప్పు చూస్తూ తనలో ఏదో లోపముందని తేల్చుకుంటాడు.

నిజజీవితంలో అందరూ సమానం కాదు, ఆ సంగతికి తర్వాత వద్దాం. ఈ లెక్కతో తేలేది ఒక్కటే. వరసగా పదిసార్లు కాదనిపించుకోవడం ఒక మనిషి గురించి మనం అనుకున్నంత చెప్పదు. పోనీ ఆ పదిసార్లూ కాదన్నది మనిషిని చూసేనా? టెన్త్, ఇంటర్, బీటెక్‌ మూడింట్లోనూ 60 శాతం ఉండాలన్న షరతు దగ్గర ఇంటర్‌లో 58 వచ్చినవాడి రెజ్యూమె మనిషి కంట పడకుండానే పోతుంది. క్లయింట్‌ ప్రాజెక్టు వాయిదా పడితే ఇంటర్వ్యూలు పూర్తయ్యాక కూడా పోస్టు ఎత్తేస్తారు. ఒక్కోసారి లోపలి ఉద్యోగి రిఫర్‌ చేసిన మనిషి అప్పటికే ఖరారై ఉంటాడు, మిగతా ఇంటర్వ్యూలు తంతు. వీటన్నిటికీ అభ్యర్థికి వెళ్లే మెయిల్‌ మాత్రం ఒకటే. పేరు మారుతుంది, అంతే.

ఒకే మెయిల్‌ ఒకడిని ఒక పూట బాధపెట్టి వదిలేస్తే, ఇంకొకడిని వారం పాటు మంచం దిగనివ్వదు. ఎందుకు? అమెరికాలో మిషిగన్‌ విశ్వవిద్యాలయంలో జెన్నిఫర్‌ క్రోకర్‌ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు దీన్ని దగ్గర నుంచి చూశారు. పైచదువులకు దరఖాస్తు పెట్టుకున్న డిగ్రీ చివరి ఏడాది విద్యార్థులను ఎంచుకుని, సీటు వచ్చిందనో రాలేదనో జవాబు అందిన రోజుల్లోనూ మామూలు రోజుల్లోనూ తమ మీద తమకు ఎంత గౌరవం ఉందో రాయించారు. 2002లో వెలువడిన ఆ అధ్యయనం చెప్పింది ఇది: చదువులో గెలిస్తేనే తనకు విలువ అని నమ్మేవాళ్లలో ఆ గౌరవం సీటు వచ్చిన రోజున మరీ ఎక్కువ పెరిగింది, రాని రోజున మరీ ఎక్కువ పడింది. విలువను చదువు మీద అంతగా పందెం కాయనివాళ్లలో ఈ ఊగిసలాట తక్కువ. జవాబులు అందరికీ వచ్చినవే. ఎవరు ఏం పణంగా పెట్టారన్న దాంట్లోనే తేడా.

మరి మన పిల్లలకు తమ విలువనంతా తెచ్చి ఒకే చోట పెట్టమని నేర్పిందెవరు? ఏ ఇంజినీరింగ్‌ కాలేజీ గేటు ముందైనా నిలబడి చూడండి. ప్లేస్‌మెంట్‌ వచ్చినవాళ్ల ఫొటోలు, పక్కన ప్యాకేజీ లక్షల్లో, ఫ్లెక్సీ నిండా. రానివాళ్లు నాలుగేళ్లు అదే గేటు లోంచి నడిచారు, వాళ్ల ఫీజు కూడా ఆ ఫ్లెక్సీలో కలిసే ఉంది. పెళ్లిళ్లలో చుట్టాల పలకరింపు ‘ఎక్కడ చేస్తున్నావ్‌ బాబూ’తో మొదలై అక్కడే ఆగిపోతుంది. ఈ ఫ్లెక్సీలు తీసేయాలని మేం స్పష్టంగా చెబుతున్నాం. ఎంతమంది చదివారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ జీతం ఎంత అన్న మూడు అంకెలు ఒక కాగితం మీద అతికిస్తే చాలు. చేరబోయేవాళ్లకి పనికొచ్చేది అదే.

కంపెనీల సంగతి ఇంకా అన్యాయం. ఆ కుర్రాడి పదిహేడింట్లో నాలుగు కంపెనీల నుంచి ఔననీ రాలేదు, కాదనీ రాలేదు. ‘వీ విల్‌ గెట్‌ బ్యాక్‌ టు యూ’ అన్నారు, ఇంతే సంగతులు. కాదన్న మెయిల్‌ కన్నా మనిషిని ఎక్కువగా అరగదీసేది ఈ మౌనమే. కాదంటే ఆ రాత్రితో ముగుస్తుంది. ఏమీ చెప్పకపోతే నెల రోజులు ఊరికి వెళ్లాలన్నా, ఇంకో కోర్సులో చేరాలన్నా ‘ఒకవేళ వస్తే’ అన్న ఆలోచన కాలికి అడ్డం పడుతుంది.

దీనికి మందు లేదనుకోవద్దు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 2026 జనవరి 1 నుంచి ఓ నిబంధన అమల్లోకి వచ్చింది. 25 మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థ బహిరంగంగా ప్రకటించిన ఉద్యోగానికి ఎవరినైనా ఇంటర్వ్యూ చేస్తే, ఎంపికపై నిర్ణయం అయిందో లేదో 45 రోజుల్లోగా వాళ్లకు చెప్పి తీరాలి. మన రెండు తెలుగు రాష్ట్రాలూ భూములిచ్చి, రాయితీలిచ్చి కంపెనీలను తెచ్చుకుంటున్నాయి. ఆ ఒప్పందాల్లో ఈ షరతు ఒక్క వాక్యంగా చేర్చాలి. ఒంటారియో కన్నా ఓ మెట్టు పైకి వెళ్లి, ఏ రౌండులో ఆగిపోయారో కూడా చెప్పాలని అడగాలి. కారణాలు వివరిస్తే చట్టపరమైన చిక్కులొస్తాయని కంపెనీలు అంటాయి. ‘టెక్నికల్‌ రెండో రౌండు’ అన్న మూడు మాటలకు ఏ చిక్కూ రాదు.

ఆశ అరిగిపోతే జరిగే నష్టం మనసు దగ్గర ఆగదు కూడా. పదిహేనో ఇంటర్వ్యూ పోయిన వారంలో ఆ కుర్రాడికి ఓ ఫోనొచ్చింది. రెండు లక్షలిస్తే బ్యాక్‌డోర్‌లో పని, మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు కూడా వాళ్లే ఇస్తారట. నాన్నని అడుగుదామనుకున్నాడు. మొదటి నెలల్లో అయితే ఇలాంటి ఫోను పెట్టేసేవాడినని తనే అన్నాడు. ‘నేనే బాగోలేను’ అన్న చోటికి చేరిన మనిషికి దొంగ అనుభవం కొనడం సహేతుకంగా కనిపిస్తుంది. డబ్బు పోవడం ఒకటి, బ్యాక్‌గ్రౌండ్‌ వెరిఫికేషన్‌లో దొరికితే ఆ మచ్చతో నిజమైన దారి కూడా మూసుకుపోవడం మరొకటి. రూమ్మేట్‌ ఆపాడు కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు పక్కన పెట్టిన సంగతి. అందరూ సమానం కాదు, కొన్ని తిరస్కారాల్లో నిజంగా సమాచారం ఉంటుంది. ఆ సమాచారం తనమీద తీర్పు కాదని గ్రహించినవాడే దాన్ని చదవగలడు. మెయిల్‌ చూడగానే ‘నేను పనికిరాను’ అనుకుంటే ఆ షీట్‌ మళ్లీ తెరవబుద్ధి కాదు. రూమ్మేట్‌ బలవంతం మీద మనవాడు దానికి రెండు గడులు కలిపాడు: ‘ఏం అడిగారు’, ‘ఎక్కడ ఆగాను’. ఇంటర్వ్యూ అయిన గంటలోపే రాయాలని ఒక నియమం పెట్టుకున్నాడు, ఎందుకంటే ఫలితం వచ్చాక రాస్తే జ్ఞాపకం కూడా ఫలితం రంగు పూసుకుంటుంది. పాతవాటిలో గుర్తున్నవీ పూరించాడు. చూస్తే, జవాబు వచ్చిన పదమూడింట్లో తొమ్మిది రెండో టెక్నికల్‌ రౌండులోనే పోయాయి. ఆ తొమ్మిదింట్లోనూ ప్రశ్న ఒకటే: ‘ఫైనలియర్‌ ప్రాజెక్టు గురించి చెప్పు.’

ఆ ప్రాజెక్టు అతను చేసింది కాదు. అమీర్‌పేటలోనే ఓ ప్రాజెక్ట్‌ సెంటర్‌లో నలుగురు స్నేహితులు కలిసి కొన్నది. టేబుళ్లు ఇలా ఎందుకు విడగొట్టావని అడిగితే నోట మాట రాదు. తన తెలివినే తిట్టుకుంటూ వచ్చిన మనిషికి అసలు లోపం ఒక సీడీలో దొరికింది. అందులోనూ సగం తప్పు, కొన్నా చూసీచూడనట్టు మార్కులేసిన కాలేజీది.

జవాబు వచ్చినవాటిలో మిగిలిన నాలుగింటికీ ఇలాంటి కారణం ఏదీ కనబడలేదు. వాటిని షీట్‌లో బూడిద రంగు వేసి వదిలేశాడు. ఎంతకీ తెలియని కారణం కోసం తనలో తవ్వుకోకపోవడం కూడా నేర్చుకోవలసిన పనే, అది అన్నిటికన్నా కష్టం. నిద్ర, తిండి పోయి రోజులు గడుస్తుంటే మాత్రం షీట్లతో అయ్యేది కాదు. 14416కి ఫోన్‌ చేస్తే టెలీమానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

రెండు నెలలు కూర్చుని సొంతంగా ఒక చిన్న ప్రాజెక్టు రాశాడు. గుంటూరు మిర్చి యార్డు ధరలు రకాలవారీగా ఏ రోజుకారోజు దాచిపెట్టి, కిందటి వారంతో పోల్చి చూపిస్తుంది. పద్దెనిమిదో ఇంటర్వ్యూలో దాని గురించి అరగంట అడిగారట. ఫలితం ఇంకా రాలేదు. ఇంటి నుంచి సాయంత్రం ఫోన్‌ మాత్రం మామూలుగానే వస్తోంది. ఇదివరకు ‘ఏమైందిరా?’ అని అడిగే నాన్న ఈ మధ్య ‘ఇవాళ తేజ ఎంత పలికిందిరా?’ అని అడుగుతున్నాడు.