ప్రతి పోస్ట్ కిందా ‘ఇప్పుడే బుక్ చేసుకోండి’ అవసరమా?

మా బాబాయికి మొబైల్ రిపేర్ షాప్ ఉంది. దాని ఇన్‌స్టా పేజీ చూసేది నేను (ఇంట్లో ఒకడు బీటెక్ చదివితే ప్రింటర్ నుంచి పేజీ దాకా అన్నీ వాడి నెత్తినే). మొదట్లో ఏ పోస్ట్ పెట్టినా కింద ఒకే లైన్ కాపీ పేస్ట్ చేసేవాణ్ని: ‘ఇప్పుడే బుక్ చేసుకోండి’.

ఒకసారి బ్యాటరీ ఉబ్బితే ఎలా తెలుస్తుందో రీల్ పెట్టాం. వెనక ప్యానెల్ లేచినా, స్క్రీన్ అంచున సందు కనిపించినా చార్జింగ్ పెట్టకండి, నొక్కకండి అని. వ్యూస్ బానే వచ్చాయి, బుకింగ్ మాత్రం ఒక్కటీ లేదు. ‘ఈ వీడియోలు దండగరా’ అన్నాడు బాబాయి. ఇన్‌సైట్స్ తెరిస్తే అసలు సంగతి తెలిసింది. చూసినవాళ్లలో ఎక్కువమంది మమ్మల్ని ఫాలో అవ్వనివాళ్లే. సేవ్‌లు, షేర్లు మాత్రం బాగా ఉన్నాయి. రీల్ తన పని తాను చేసింది, తప్పుగా అడిగింది నేను. చూసేవాడి ఫోన్ ఇవాళ బానే ఉంది, వాడు ఏం బుక్ చేసుకుంటాడు? అక్కడ అడగాల్సింది ‘సేవ్ చేసుకోండి, ఇలాంటివి వారానికొకటి పెడతాం, ఫాలో అవ్వండి’ అని. ఎందుకు ఫాలో అవ్వాలో చెప్పకపోతే అదీ పనిచేయదు.

పగిలిన డిస్‌ప్లే మార్చే వీడియో వేరు. అది చివరిదాకా చూసేవాడి ఫోన్ పగిలి ఉండొచ్చు, కానీ ఖర్చెంతో తెలీదు. వాడికి ‘మీ మోడల్ పేరు మెసేజ్ చేయండి, రేటు చెప్తాం’ చాలు.

నేరుగా బుకింగ్ అడిగేది ఒక్కచోటే: ఫలానా మోడల్ డిస్‌ప్లేలు వచ్చాయి, రేటు ఇంత, శనివారం ఖాళీ ఉంది అని చెప్పే స్టోరీలో. పోస్ట్ క్యాప్షన్‌లో పెట్టిన లింక్ నొక్కితే తెరుచుకోదు కాబట్టి స్టోరీలో లింక్ స్టికర్ వాడతాం. అది నొక్కితే వాట్సాప్‌లో మెసేజ్ ముందే టైప్ అయి వస్తుంది:

```
https://wa.me/91XXXXXXXXXX?text=Model:%0AProblem:%0ATime:
```

నంబర్ ముందు ప్లస్, సున్నా పెట్టకూడదు. %0A అంటే కొత్త లైన్. కస్టమర్ మూడు ఖాళీలు నింపి పంపితే ‘హాయ్’, ‘హలో అండీ’ల మధ్య అరగంట పోదు.

ఇప్పుడు కొలిచే లెక్క కూడా మార్చాను. టిప్ రీల్‌కి ఫాలోలు, సేవ్‌లు చూస్తా. డిస్‌ప్లే వీడియోకి మోడల్ పేరుతో వచ్చిన మెసేజ్‌లు, స్టోరీకి షాప్‌కి నిజంగా వచ్చిన ఫోన్లు. స్టోరీకి కూడా ‘ఎంతవుద్ది బ్రో?’ అనే మెసేజ్‌లే వస్తుంటే మనం రేటు రాయడం మర్చిపోయినట్టే.

ఒక్క ఇబ్బంది ఉంది. బుకింగ్ అడిగిన రోజు వాట్సాప్ దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలి. బాబాయి సోల్డరింగ్‌లో ఉంటే ఫోన్ ముట్టుకోడు. అందుకే ఆ స్టోరీ నేను ఖాళీగా ఉన్న శుక్రవారం సాయంత్రాలే పెడుతున్నా.