పొయ్యి పైన ఏముందో చూశారా?

2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఓ స్కూల్ వంటగదిలో లేచిన మంట పైనున్న ఆకుల కప్పుకు అంటుకుంది. 94 మంది పిల్లలు చనిపోయారు. పొయ్యి దగ్గర మొదలైన మంటకు పైన కాలే సరుకు దొరికితే ఇక ఆగదు.

మైపాడు బీచ్ దగ్గరైనా, నెల్లూరు టౌన్‌లో అయినా హోటల్ కిచెన్‌లో ఆ సరుకు చిమ్నీలో పేరుకున్న నూనె జిడ్డే. రంజాన్‌లో సమోసాలు గంటల తరబడి వేయించే చోట ఇది ఇంకా త్వరగా పేరుకుంటుంది. చాలామంది ఫిల్టర్ కడిగి ఊరుకుంటారు. లోపలి గొట్టం, ఫ్యాన్ మాత్రం అలాగే ఉంటాయి. వంట ఎక్కువగా ఉండే కిచెన్లలో వీటిని మూడు నెలలకోసారి, కట్టెలు, బొగ్గులు వాడితే నెలకోసారి చూడాలని అమెరికా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 96 చెబుతోంది.

మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు. నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మండే నూనెను పైకి చిమ్ముతాయి. గోడకు తగిలించిన ఏబీసీ పౌడర్ సిలిండర్ మంటను తగ్గిస్తుంది కానీ నూనెను చల్లార్చదు, అందుకే మళ్లీ అంటుకోవచ్చు. కె-టైప్ ద్రవం వేడి నూనెపై సబ్బు నురగలా పొర కట్టి, చల్లారుస్తుంది కూడా.

ముందు గ్యాస్ వాల్వ్ కట్టేయాలి. అయితే సముద్రపు ఉప్పుగాలికి వాల్వ్‌లు, పైపులు తుప్పు పడతాయి. వాల్వ్ సులువుగా తిరుగుతోందా, జాయింట్లపై సబ్బు నీళ్లు రాస్తే బుడగలు వస్తున్నాయా అన్నది ముందే చూసుకోవాలి.