కోనసీమలో లోతైన సెల్లార్లు: తోడిన నీటికి దారి ముందే నిర్ణయించాలి
(ప్రత్యేక విశ్లేషణ)

అమలాపురం: గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయల నడుమ గోదావరి ఒండ్రుతో ఏర్పడిన కోనసీమలో భూగర్భ జలం చాలాచోట్ల రెండు మూడు మీటర్ల లోతులోనే తగులుతుంది. కొబ్బరి తోటకు, వరి చేనుకు వరమైన ఈ నీరే లోతైన పునాదికి ప్రధాన అవరోధమవుతున్నది. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైన అమలాపురంలో గాని, కొత్తపేట, రాజోలులలో గాని సెల్లారుతో కూడిన భవనానికి ప్రతిపాదన వచ్చినప్పుడు, గుంతలోని నీటిని ఎలా తోడుతారన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. ఆ నీరు రోజుకు ఎంత, దానిని ఎక్కడ వదులుతారు, పంపులను ఏ రోజున ఆపుతారు అన్న మూడు ప్రశ్నలకు లెక్కలతో కూడిన సమాధానం ఉన్నప్పుడే అది నీటి తోడివేత ప్రణాళిక అనిపించుకుంటుంది.

నీటి పరిమాణం: ఒక ఉదాహరణ

విషయం స్పష్టంగా బోధపడేందుకు ఒక నమూనా గుంతను తీసుకోవచ్చు. సెల్లారు పొడవు 40 మీటర్లు, వెడల్పు 30 మీటర్లు, తవ్వవలసిన లోతు 6 మీటర్లు. నీటిమట్టం నేలకు ఒకటిన్నర మీటరు దిగువన ఉన్నది. పైన పలుచని మట్టి పొర, దాని కింద 20 మీటర్ల లోతు వరకు ఇసుక, ఆపైన గట్టి బంకమట్టి ఉన్నాయనుకుందాం. గుంత అడుగు పొడిగా ఉండి పని సాగాలంటే నీటిమట్టాన్ని అడుగుకు మరొక మీటరు కిందికి, అంటే నేలకు 7 మీటర్ల లోతుకు దించాలి. మొత్తం దించవలసినది ఐదున్నర మీటర్లు.

ఆ ఇసుక పారగమ్యత రోజుకు 10 మీటర్లయితే, బావుల జలశాస్త్రంలో వాడే సాధారణ సూత్రాల ప్రకారం రోజుకు సుమారు 25 లక్షల లీటర్ల నీరు తోడవలసి వస్తుంది. నీటిపారుదల అధికారులకు పరిచితమైన లెక్కలో చెప్పాలంటే ఇది సెకనుకు 29 లీటర్లు, దాదాపు ఒక క్యూసెక్కు. వినడానికి స్వల్పంగా తోచినా, ఈ ప్రవాహం రాత్రింబవళ్లు నెలల తరబడి సాగుతుంది. ఒక రోజు నీటిని ఒక ఎకరంలో నిలిపితే రెండడుగుల లోతు వస్తుంది.

ఈ అంకెను స్థిరమైనదిగా భావించరాదు. అదే ఇసుక కొంచెం ముతకగా ఉండి పారగమ్యత రోజుకు 20 మీటర్లయితే నీరు రోజుకు 43 లక్షల లీటర్లకు చేరుతుంది. ఒండ్రు నేలలో పాత పాయలు పూడిన చోట ఇటువంటి తేడా కొద్ది దూరంలోనే కనిపించవచ్చు. కావున పొరుగు భవనం నివేదికపై ఆధారపడక, ఆ స్థలంలోనే ఒక ప్రయోగ బావి వేసి, ఒకటి నుంచి మూడు రోజులు నిరంతరాయంగా తోడి, చుట్టూ వేర్వేరు దూరాలలోని పరిశీలన బావులలో మట్టం ఎంత తగ్గినదో కొలవాలి. ఈ పరీక్ష లేని పంపుల లెక్క ఊహ మాత్రమే.

పంపుల సామర్థ్యం

లోతు తక్కువైన గుంతలకు వాడే వెల్ పాయింట్లు నేలపైన ఉన్న పంపుతో నీటిని పీల్చుకుంటాయి. ఆచరణలో ఒక వరుస ఐదారు మీటర్లకు మించి నీటిని పీల్చలేదు. నమూనా గుంతలో అంచున ఐదున్నర మీటర్లు తగ్గాలంటే బావి లోపల మట్టం ఇంకా లోతుకు పోవాలి. అందుచేత గుంత చుట్టూ సబ్మెర్సిబుల్ పంపులు అమర్చిన లోతైన బోరు బావులే తగినవి. బావికి సెకనుకు 4 లీటర్ల చొప్పున 8 బావులు 32 లీటర్లు తోడతాయి. దాదాపు 20 మీటర్ల ఎత్తుకు ఎత్తవలసి ఉన్నందున ఒక్కొక్కదానికి 3 హార్స్‌పవర్ మోటారు చాలు. మరమ్మతుకు వచ్చే పంపుల స్థానంలో నడిపేందుకు మరో రెండు బావులను సిద్ధంగా ఉంచాలి.

విద్యుత్తు పోయినప్పుడు ఇసుకలో నీటిమట్టం గంటలలోనే లేవడం మొదలవుతుంది. కాబట్టి అన్ని పంపులకు సరిపడే జనరేటరు, దానంతట అదే మారే స్విచ్చి, ఇంధన నిల్వ, రాత్రి కాపలా ఉండాలి. మోటార్ల మొత్తం శక్తి 24 హార్స్‌పవరే అయినప్పటికీ, అన్నీ ఒకేసారి మొదలైతే జనరేటరుపై భారం పెరుగుతుంది. ఒకదాని తర్వాత ఒకటి మొదలయ్యే ఏర్పాటు దీనికి పరిష్కారం.

నీటితో ఇసుక రాకూడదు

తోడివేతలో అత్యంత ప్రమాదకరమైన లోపం బయటికి పెద్దగా కనిపించదు. బావి జల్లెడ గొట్టం చుట్టూ వేసిన కంకర వడపోత ఇసుకకు తగినది కాకపోతే నీటితోపాటు నేల కూడా బయటికి వస్తుంది. లీటరుకు అర గ్రాము ఇసుక వచ్చినా రోజుకు ఒకటింపావు టన్ను, 200 రోజులలో 250 టన్నులు పోతుంది. అది పది టన్నుల లారీలు పాతిక మోయగల నేల. పక్క రోడ్డు కింద, ఇరుగుపొరుగు గోడల కింద ఆ మేరకు ఖాళీ ఏర్పడుతుంది.

దీనిని కనిపెట్టడం కష్టం కాదు. ప్రతి బావి నీటిని బకెట్లో పట్టి కదపకుండా ఉంచితే అడుగున ఇసుక పేరుకుంటున్నదో లేదో తెలుస్తుంది. బావి ప్రారంభించిన తొలి గంటలలో కొంత ఇసుక రావడం సహజం. ఆ తర్వాత కూడా వస్తే ఆ బావిని ఆపి మరొకటి వేయాలి. గుంత అడుగున సంపు తీసి నేరుగా పంపు పెట్టే పద్ధతిలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. అడుగు నుంచి బుడగలతో ఇసుక ఉబికివస్తే వెంటనే తవ్వకం ఆపాలి.

ఇసుక రాకపోయినా మట్టం తగ్గడం వల్ల నేల కొంత కుంగుతుంది. నీరు ఒక మీటరు తగ్గితే కింది పొరలపై చదరపు మీటరుకు ఒక టన్ను చొప్పున భారం పెరుగుతుంది. మెత్తని బంకమట్టి ఉన్నచోట పాత పెంకుటిళ్ల గోడలు బీటలు వారడానికి ఇది చాలు. పని మొదలు కాకముందే చుట్టుపక్కల ఇళ్లలో ఉన్న పగుళ్లను ఫొటోలతో నమోదు చేయడం, పరిశీలన బావులలో మట్టాన్ని రోజూ రాయడం ఇరువర్గాలకూ రక్షణ. కుంగుదల కనిపిస్తే తోడిన నీటిలో కొంత భాగాన్ని గుంతకు, ఇళ్లకు మధ్య వేసిన రీఛార్జి బావులలోకి తిరిగి పంపవచ్చు.

నీటిని ఎక్కడ వదలాలి

కోనసీమకు ఇది అన్నింటికన్నా కీలకమైన అంశం. ఇక్కడ పంట కాలువ వేరు, మురుగు డ్రెయిన్ వేరు. కాలువలోకి వదిలిన నీరు పొలానికి చేరుతుంది. డ్రెయిన్‌లోకి వదిలినది సముద్రం వైపు పోవాలి, కాని అది అన్ని కాలాల్లో పోదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాలలో మురుగు నీరు పారక చేలు మునగడం కూడా ఉన్నది. రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి ఉప్పునీరు చేరి కొబ్బరి తోటలు దెబ్బతిన్నాయి. ఇటువంటి డ్రెయిన్‌కు ఒక క్యూసెక్కు అదనంగా చేర్చడం చిన్న నిర్ణయం కాదు.

అందువల్ల తోడిన నీటిని వీధి కాలువలోకి గాని, పొలం బోదెలోకి గాని వదలకుండా, నీటిని మోయగలదని డ్రెయిన్ల ఇంజనీర్లు నిర్ధారించిన డ్రెయిన్ వరకు పైపు వేయాలి. దానికి ముందు 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతుగల తేర్పు తొట్టిలో నీటిని దాదాపు గంటసేపు నిలపాలి. సన్నని ఇసుక, ముతక ఒండ్రు అక్కడ తేరుకుంటాయి. బంకమట్టి రేణువులు మాత్రం తేరుకోవు. తొట్టి దాటాక కూడా నీరు మట్టిరంగులో ఉంటే బావుల వడపోతనే సరిచేయాలి. పర్యావరణ పరిరక్షణ నిబంధనల ప్రకారం ఉపరితల జలాలలోకి వదిలే నీటిలో తేలియాడే ఘనపదార్థం లీటరుకు 100 మిల్లీగ్రాములకు మించరాదు.

ఉప్పదనం మరొక పరీక్ష. తీరానికి చేరువైన ప్రాంతాలలో మంచినీరు ఉప్పునీటిపై పొరగా నిలిచి ఉంటుంది. పైనీటిని నెలల తరబడి తోడితే కింది ఉప్పునీరు బావి వైపు పైకి లేస్తుంది. నీటి విద్యుద్వాహకతను చేతిలో పట్టే చిన్న మీటరుతో రోజూ కొలిస్తే ఈ మార్పు ముందే తెలుస్తుంది. సేద్యపు నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పేర్కొన్న పరిమితి 2,250 మైక్రోమోలు. కొలత ఈ దిశగా పెరుగుతుంటే ఆ నీరు ఏ పంట కాలువలోనూ కలవకూడదు. లోతైన బావులను ఆపి, తోడే లోతు తగ్గించాలి.

పంపులు ఎప్పుడు ఆపాలి

రాఫ్ట్ పునాది పోయగానే పని ముగిసిందని భావించడం పొరపాటు. నమూనా గుంతలో పంపులు ఆపితే నీరు రాఫ్ట్‌ను చదరపు మీటరుకు నాలుగున్నర టన్నుల ఒత్తిడితో పైకి నెడుతుంది. వానాకాలంలో నీరు నేలమట్టానికి చేరితే ఆ ఒత్తిడి 6 టన్నులు. 80 సెంటీమీటర్ల మందంగల రాఫ్ట్ బరువు 2 టన్నులు మాత్రమే. కొంత అదనపు భద్రతతో లెక్కిస్తే 6.6 టన్నుల బరువు కావాలి. ఒక్కో అంతస్తు 1.2 టన్నులు ఇస్తుందనుకుంటే రాఫ్ట్‌పై నాలుగు శ్లాబులు పడే వరకు పంపులు ఆపరాదు.

డిసెంబరులో బావులు వేసి, జనవరి, ఫిబ్రవరి నెలల్లో తవ్వి, మార్చిలో రాఫ్ట్ పోసినా, నెలకొక శ్లాబు చొప్పున నాలుగో శ్లాబు జులైకి గాని పడదు. ఆ జులై గోదావరికి వరద నెల. 2022 జులైలో ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు విడుదలై కోనసీమ లంకలు మునిగాయి. వరదవేళ డ్రెయిన్ల నీరు నదిలోకి, సముద్రంలోకి పారదు. అంటే తోడిన నీటికి దారి మూసుకున్నప్పుడే తోడివేత తప్పనిసరి అవుతుంది. రాఫ్ట్ మందం పెంచడం, దానిని లాగి పట్టే పైళ్లు వేయడం లేదా అత్యవసరంలో సెల్లారులోకి నీటిని రానిచ్చే రంధ్రాలు ఉంచడం దీనికి మార్గాలు. లోపల నీరు నిండితే రెండువైపులా ఒత్తిడి సమానమై కట్టడం తేలదు.

పని మధ్యలో ఆగితే ఏమవుతుందో అమరావతి చూపింది. 2019 తర్వాత పనులు నిలిచిపోవడంతో సచివాలయ టవర్లు, హైకోర్టు పునాది గుంతలలో ఏళ్ల తరబడి నీరు నిలిచింది. 2024లో ఐఐటీ మద్రాసు నిపుణులు పునాదులను పరిశీలించారు. నీటిని తోడివేసిన మీదటనే తదుపరి పనికి వీలైంది. కోనసీమలో చిన్న భవనానికి సైతం ఇదే వర్తిస్తుంది. నిధులు ఆగినా, గుత్తేదారు మారినా పంపులు నడిపే బాధ్యత, ఖర్చు ఎవరివో ఒప్పందంలోనే రాసి ఉండాలి.

బోరు బావుల తవ్వకాన్ని 2002 నాటి వాల్టా చట్టం నియంత్రిస్తున్నది. ఆ అనుమతిని పరిశీలించే అధికారి దరఖాస్తులో చూడవలసినవి మూడు: ప్రయోగ బావి ఆధారంగా రోజువారీ నీటి పరిమాణం, ఆ నీటిని స్వీకరించే డ్రెయిన్ పేరుతో ఇంజనీర్ల లిఖితపూర్వక సమ్మతి, ఎన్నో శ్లాబు తర్వాత పంపులు ఆపుతారన్న బరువు లెక్క. వీటిలో ఏ ఒక్కటి లేకున్నా గుంత తవ్వకానికి వేచి ఉండడమే క్షేమం.