పచ్చ గుండె ఎవరి పార్టీ?

మస్జిద్ కమిటీ వాట్సాప్ ఎలాన్ చివర ఒక పచ్చ గుండె 💚 ఉంటుంది. పెట్టిన కుర్రాడి నియ్యత్‌లో సియాసత్ లేదు. మదీనా గుంబద్ రంగు అది, మన ఇళ్లలో చాదర్ రంగు, ఈద్ గ్రీటింగు రంగు. కానీ పాతబస్తీలో ఒకరు దాన్ని చూసి గాలిపటం పార్టీ అనుకుంటారు. పక్క గల్లీలో రెడ్డిగారు "ఇది వాళ్ల వాళ్లకి మాత్రమే" అనుకుని ఫోన్ పక్కన పెట్టేస్తారు. నా మాట ఒక్కటే: మనిషి తన పేరుతో ఏ రంగైనా పెట్టుకోవచ్చు, అందరి అమానత్ మోసే సంస్థ మాత్రం తన ఎలాన్లలో జెండాలు, రంగు గుండెలు పెట్టకూడదు.

"ఇన్నమల్ ఆమాలు బిన్నియ్యాత్ కదా భాయ్, నియ్యత్ సాఫ్‌గా ఉంటే చాలు" అంటారు. అల్లాహ్ దగ్గర చాలు. వాట్సాప్ చూసేవాడికి మన నియ్యత్ కనిపించదు, రంగే కనిపిస్తుంది.

రంగుకు పార్టీ అంటుకోవడం మన రెండు రాష్ట్రాల్లో వాట్సాప్‌తో మొదలైంది కాదు. గులాబీ అంటే ఎవరో తెలంగాణలో చిన్న పిల్లాడికీ తెలుసు. పసుపు అంటే ఎవరో ఆంధ్రలో చెప్పక్కర్లేదు. అసలు తెలుగులో "పచ్చ" అన్న మాటే తమాషా. గడ్డికి వాడితే ఆకుపచ్చ, కండువాకు వాడితే పసుపు. ఎన్నికల నెలల్లో పేపర్ డెస్క్‌లో కూర్చున్న ఎవరినైనా అడగండి, హెడ్డింగ్ బాక్సుకు ఏ రంగు వేయాలన్నది ఎంత గొడవో చెబుతారు.

దీనికి అదాలత్ గవాహీ కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ పంచాయతీ భవనాలకు అప్పటి అధికార పార్టీ జెండాలోని నీలం, తెలుపు, ఆకుపచ్చ రంగులు వేశారు. 2020 మార్చిలో హైకోర్టు వాటిని తీసేయమంది, సుప్రీంకోర్టు కూడా అదే అంది. అప్పుడు హుకూమత్ ఏం చేసిందంటే, ఆ మూడు రంగులు ఉంచి, నాలుగోదిగా ఎర్రమట్టి రంగు కలిపి కొత్త జీవో తెచ్చింది. ప్రతి రంగుకూ ఒక దలీల్ చెప్పింది. ఆకుపచ్చ పంటలకు, నీలం చేపల సాగుకు, తెలుపు పాలకు, ఎర్రమట్టి నేలకు. వినడానికి ఎంత బాగుంది! మేలో హైకోర్టు దాన్నీ కొట్టేసింది, జూన్ 3న సుప్రీంకోర్టు ఆ ఫైసలానే నిలబెట్టింది. రంగుకు మనం ఎంత మంచి మతలబ్ చెప్పుకున్నా, దారిన పోయేవాడు చదివే మతలబ్‌ను అది చెరపలేదు. గోడ మీద సున్నానికి వర్తించింది ఎలాన్ చివరి గుండెకు వర్తించదా?

ఇప్పుడు ఒక ఎలాన్ తీసుకుందాం. ఊహించి రాస్తున్నాను గానీ, ఇలాంటివి మీ ఫోన్లో పది ఉంటాయి. ఒక బస్తీ ఖిద్మత్ సంస్థ రక్తదాన శిబిరం పెడుతోంది:

"💚🕌 ఈ జుమా నమాజ్ తర్వాత రక్తదాన శిబిరం. మజ్‌హబ్ భేదం లేకుండా అందరూ రండి 🩷🇮🇳"

మాటలు "అందరూ రండి" అంటున్నాయి. పచ్చ గుండె, మస్జిద్ కలిపి చూస్తే "మేము మాత్రమే" అంటున్నట్టుంది. గులాబీ గుండె బహుశా అందంగా ఉందని పెట్టారు. ఫోన్లలోకి ఈమధ్యే వచ్చిన గుండె అది, పిల్లలకు ముచ్చట. కానీ కార్పొరేటర్ ఎన్నికలు దగ్గర్లో ఉంటే, సదర్ సాబ్ ఏ కారెక్కారో తేలిపోయిందని చౌరస్తాలో చర్చ. ఇక చివర తిరంగా.

ఈ తిరంగా దగ్గర కాస్త ఆగాలి. ఆగస్టు 15న, జనవరి 26న మన మదర్సాల మీద జెండా ఎగురుతుంది, ఆ రోజు ఎలాన్‌లో 🇮🇳 ఉంటే అది ఆ రోజు సంగతే చెబుతుంది. రక్తదానానికి ఎందుకు? నిజం మాట్లాడుకుందాం. ఎవరైనా షక్ పడతారేమో అని ముందే ఇచ్చుకునే సఫాయీ అది. ఎవరూ అడగని సఫాయీ. ఒకసారి మొదలుపెడితే ఆపడం కష్టం. పది ఎలాన్లకు పెట్టి పదకొండోదానికి మరిచిపోతే, "ఈసారి జెండా ఎందుకు లేదు?" అని అడిగేవాడు పుడతాడు. లేనప్పుడు ఎవరికీ గుర్తురానిది, ఒకసారి ఉండి మాయమైతే ఖబర్ అవుతుంది. దాని బదులు 🧡🤍💚 పెడదామంటారు కొందరు. ఆ మూడు రంగులు దేశానివీ, కాంగ్రెస్ జెండావీ కూడా. పోలింగుకు రెండు రోజుల ముందు ఆ వరసను ఎలా చదువుతారో ఆలోచించండి.

సరే, ఆ ఎలాన్‌ను మళ్లీ రాద్దాం: "🩸 రక్తదాన శిబిరం. శుక్రవారం మధ్యాహ్నం 2:30 నుంచి 5:30 వరకు. 📍 మస్జిద్ పక్కన షాదీఖానా. మజ్‌హబ్ భేదం లేదు, ఆధార్ కార్డు తెచ్చుకోండి." రక్తపు చుక్క ఏ పార్టీదీ కాదు. "జుమా తర్వాత" అంటే మనకు తెలుస్తుంది, రెడ్డిగారికి గంట చెప్పాలి. మస్జిద్ పేరు చిరునామాలో ఉంది, దాచిందేమీ లేదు. పచ్చరంగును వదులుకోమని నేను చెప్పట్లేదని ఇక్కడే గమనించండి. గుంబద్ మీద ఉండనివ్వండి. ఆ రోజు కావలసింది రక్తం, వచ్చే చేతుల్ని గుమ్మం దగ్గరే ఆపే గుర్తు అక్కర్లేదు.

ఈ ముష్కిల్‌ను మనకంటే ముందు, మనకంటే పెద్ద స్థాయిలో ఎదుర్కొన్నవాళ్లు రెడ్ క్రాస్ వాళ్లు. 1864 జెనీవా ఒప్పందంలో వైద్య సిబ్బందికి గుర్తుగా తెల్ల గుడ్డ మీద ఎర్ర క్రాస్ పెట్టుకున్నారు. స్విట్జర్లాండ్ జెండా రంగుల్ని తిరగేస్తే వచ్చేది అదే. ఏ మజ్‌హబ్‌దీ కాదనేది వాళ్ల నియ్యత్. కానీ 1876లో ఉస్మానియా సల్తనత్, మా సిపాయీల కంటికి అది సలీబ్‌లా కనిపిస్తోంది, మేము ఎర్ర హిలాల్ వాడతాం, ఎదుటివాళ్ల క్రాస్‌ను మాత్రం గౌరవిస్తాం అని చెప్పింది. హిలాల్-ఎ-అహ్మర్ అలా పుట్టింది, 1929లో ఒప్పందంలోకి ఎక్కింది. రెండు గుర్తులు అయ్యాక, రెండిటిలోనూ ఇమడని వాళ్ల సంగతేమిటన్న సవాల్ మిగిలింది. 2005 డిసెంబరులో మూడో గుర్తు ఒప్పుకున్నారు. మూల మీద నిలబెట్టిన ఎర్ర చతురస్రపు చట్రం, దాన్ని రెడ్ క్రిస్టల్ అంటారు. దాంట్లో ఏ దేశమూ, ఏ మజ్‌హబూ కనిపించకూడదనే అలా గీశారు. గుర్తును తప్పుగా చదివితే అక్కడ అంబులెన్సు మీద తూటా పడుతుంది. అందుకే నియ్యత్‌ను కాదు, చూసేవాడి నజర్‌ను లెక్కలోకి తీసుకున్నారు.

విదేశీ జెండాల దగ్గర ఇంకో చిక్కు ఉంది, చాలామంది దీన్ని గమనించరు. ఫోన్‌లో దేశం జెండా నిజానికి బొమ్మగా ప్రయాణించదు. రెండు అక్షరాల సంకేతంగా వెళుతుంది, అవతలి ఫోన్ దాన్ని తన దగ్గరున్న బొమ్మగా గీస్తుంది. 🇮🇳 అంటే I, N. అందుకే విండోస్ కంప్యూటర్లో చాలాచోట్ల జెండా కనిపించదు, ఆ రెండు అక్షరాలే కనిపిస్తాయి. బొమ్మ ఏదన్నది ఫోన్ కంపెనీ చేతిలో ఉందన్నమాట. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబాన్ చేతికి వచ్చాక అక్కడ ఎగిరేది కల్మా ఉన్న తెల్ల జెండా. ఫోన్లలో 🇦🇫 నొక్కితే వచ్చేది పాత నలుపు, ఎరుపు, ఆకుపచ్చ జెండా. 2023 అక్టోబరు హెరాత్ జల్‌జలా బాధితులకు ఇమ్‌దాద్ అడుగుతూ ఎవరైనా ఆ జెండా పెట్టి ఉంటే, తెలియకుండానే ఒక పక్షం జెండా ఎత్తినట్టు. సిరియాలో 2024 డిసెంబరులో హుకూమత్ మారింది, జెండా మారింది, సంకేతం మాత్రం అదే S, Y. కంపెనీ కొత్త బొమ్మ పెడితే, మనం ఏళ్ల కింద పంపిన పైగామ్‌లో కూడా కొత్త జెండా ఎగురుతుంది. మనం సంతకం చేసిన కాగితం మీద వేరేవాళ్లు బొమ్మ మార్చినట్టు!

ఈమోజీలకు ప్రపంచమంతటికీ ఒకే సంకేతాలు ఖరారు చేసే యూనికోడ్ సంస్థే 2022లో, దేశాల అధికారిక జాబితాలో లేని కొత్త జెండాల కోసం ఇకపై దరఖాస్తులు తీసుకోమని చెప్పేసింది. వాళ్లు చూపిన కారణాల్లో ఒకటి మన బస్తీకీ సరిపోతుంది: ఒక జెండాను చేర్చిన ప్రతిసారీ చేర్చనివి కళ్లకు కొడతాయి.

ఇక అసలు నొప్పి. ఫలస్తీన్. మన పిల్లలు స్టేటస్‌లో 🇵🇸 పెడతారు, జెండా మీద ఆంక్షలున్న రోజుల నుంచి గుర్తుగా నిలిచిన తర్బూజ్ 🍉 పెడతారు. అది వాళ్ల దిల్, వాళ్ల పేరు, వాళ్ల హక్. ఒక అన్నగారు నాతో గట్టిగా అన్నారు, "జుల్మ్ జరుగుతుంటే సంస్థలు ఖామోష్‌గా ఉండడం బుజ్దిలీ కాదా?" అని. సవాల్ సరైనదే. కానీ జెండా తీసేయడం ఖామోషీ కాదు. "గజాలో ఆసుపత్రులకు మందులు లేవు, పిల్లలకు పాలు లేవు" అని పేరు పెట్టి రాయండి. ఆ వాక్యానికి జిమ్మేదారీ ఉంటుంది, ఎవరైనా సవాల్ చేస్తే జవాబు చెప్పొచ్చు. జెండా బొమ్మకు వంద మతలబ్‌లు, మీరు అనుకున్నది ఒక్కటే అని ఏ అధికారి ముందూ నిరూపించలేరు. రేపు సూడాన్ మీద, ఎల్లుండి మన దగ్గరి వరద మీద ఏ గుర్తు పెట్టారని అడిగితే వాక్యం దగ్గర జవాబు ఉంటుంది. రంజాన్ ఇఫ్తార్ దావత్‌లో పండ్ల మధ్య తర్బూజ్ పెడితే అది పండా, పైగామా అని అడిగే రోజులివి. పండు తినండి, దావత్‌లో ఖజూర్ 🌴 చాలు.

కమిటీల వాళ్లకు చివరిగా ఒక మాట, ఎందుకంటే ఇది ఎలాన్ దగ్గర ఆగదు. సంస్థ నంబర్ నుంచి ఎవరి పోస్టు కింద ఏ రంగు గుండె నొక్కారన్నదీ కనిపిస్తుంది, దాన్ని స్క్రీన్‌షాట్ తీస్తారు. గ్రూప్ పేరు పక్కన ఉన్న జెండా, డీపీ చుట్టూ వేసిన రంగు చట్రం నెలల తరబడి అలాగే ఉండిపోతాయి, పెట్టినవాడు దుబాయ్ వెళ్లిపోయి ఉంటాడు. సంస్థ నంబర్ ఇద్దరి చేతుల్లోనే ఉంచండి, ఆ ఇద్దరూ తమ సొంత రంగులకు తమ సొంత నంబర్ వాడమనండి. ఎలాన్ పంపేముందు ఒకసారి కౌమ్ బయటి దోస్త్ ఒకరికి చూపించి, "ఇది ఎవరికోసం అనిపిస్తోంది?" అని మాత్రం అడగండి. వాళ్లు "రక్తం ఇచ్చేవాళ్లకి" అంటే పంపేయండి.