క్రియాపదంలో కట్టుబాటు

వరంగల్ దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. నగరంలోని కొత్తవాడ ఈ నేతకు పేరుపొందింది. అక్కడి నేతకారుల సంఘమొకటి హైదరాబాదు వర్తకునితో కలిసి వ్యాపారం చేయదలచిందనుకుందాం. మాటలు సాగినప్పుడు సంఘ కార్యదర్శి చిత్తుకాగితంపై ఇలా రాసుకున్నాడు: "మగ్గాలు 20. నెలకు 200 దరీలు. నూలు వాళ్లదేనా? సగం అడ్వాన్సు అడగాలి. మన నమూనాలు బయటికి పోకూడదు. ఉగాదిలోపు తేల్చాలి."

ఈ చిత్తును ఉద్దేశ పత్రంగా మార్చాలి. ఉద్దేశ పత్రం ఒప్పందం కాదు. ఒప్పందం చేసుకోదలచామని తెలిపే లేఖ. సాధారణంగా ఇటువంటి పత్రం ఎవరినీ కట్టివేయదని డ్రెస్సర్ రాండ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు పేర్కొన్నది. అయితే అంగీకారమే ఉద్దేశమని షరతుల వల్ల స్పష్టమైతే, దానిని అంగీకార పత్రంగానూ భావించవచ్చునన్నది. కాబట్టి పైన పెట్టిన పేరు ఒక్కటే మనల్ని కాపాడదు. లోపలి వాక్యాలు కాపాడాలి.

గంభీరమైన సమాసాలు కూర్చితే లేఖకు గౌరవం వస్తుందని చాలామంది భావిస్తారు. నా అభిప్రాయంలో ఈ లేఖకు ప్రాణం క్రియాపదమే. చిత్తులోని మాటలన్నీ ఒకే తీరుగా కనిపించినా అవి మూడు రకాలు. మొదటిది ఉన్న విషయం: "మా సంఘంలో 20 మగ్గాలు పనిచేస్తున్నాయి." రెండవది ఉద్దేశం. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. "నెలకు 200 దరీలు సరఫరా చేస్తాము" అంటే అది వాగ్దానం. నూలు ఎవరు ఇస్తారో తేలకముందే మగ్గానికి పది దరీల చొప్పున మాట ఇచ్చినట్లవుతుంది. "నూలు సరఫరాపై అంగీకారం కుదిరిన పిమ్మట, నెలకు 200 దరీల వరకు సరఫరా చేయదలచాము" అనడం ఉచితం. అడ్వాన్సు సంగతీ అంతే: "వెలలో సగం ముందుగా చెల్లించవలసిందిగా ప్రతిపాదిస్తున్నాము."

మూడవది ఇప్పుడే కట్టుబడవలసిన విషయం. నమూనాల గోప్యత ఉద్దేశంగా మిగిలితే ప్రయోజనం లేదు. వేరే పేరాలో, "ఒప్పందం కుదిరినా కుదరకపోయినా, మా అనుమతి లేనిదే ఈ నమూనాలను ఇతరులకు చూపరాదు. ఈ పేరాకు ఉభయులమూ కట్టుబడి ఉంటాము. తక్కినవి ఉద్దేశాలు మాత్రమే" అని రాసి, నమూనాలు పంపకముందే ఇద్దరూ సంతకం చేయాలి. ఉగాది ఏటా ఒకే తేదీన రాదు కనుక, పండుగ పేరుకు బదులు గడువు తేదీని సంవత్సరంతో సహా వేయాలి.

లేఖ ముగిసిన తరువాత వాక్యాల చివరి క్రియలను మాత్రమే చదివి చూడండి. నూలు సంగతి తేలకముందే ఎక్కడైనా "చేస్తాము" అని కనిపిస్తే, ఆ వాక్యాన్ని తిరిగి రాయాలి. ఒకవేళ నూలు సమయానికి అందకపోతే, ఆ ఒక్క మాటకు జవాబు చెప్పవలసినవారు మగ్గం ముందు కూర్చున్న నేతకారులే.