రాలేమని చెప్పడం ఎలా?

పిలుపు వచ్చినప్పుడు వస్తామని చెప్పడం సులభం. రాలేమని చెప్పడమే కష్టం. చేతిలో ఫోను ఉంది కనుక రెండు ముక్కలు రాసి పంపితే చాలునని కొందరు అంటారు. నా అభిప్రాయం అది కాదు. ఎవరికి చెబుతున్నాం, మనం రాకపోతే వారికి కలిగే ఇబ్బంది ఎంత అనే రెండు సంగతులు చూసుకొని చెప్పే పద్ధతిని ఎంచుకోవాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. హోసూరులో ఉన్న ఒక ఇల్లాలికి కుప్పం నుంచి తమ్ముడి గృహప్రవేశానికి పిలుపు వచ్చింది. ఆ రోజే కూతురికి పదో తరగతి పరీక్ష. మన ఇళ్ళలో చాలాచోట్ల కొత్త ఇంట పాలు పొంగించేది ఆడపడుచు. ఆమె రాకపోతే ఆ పనికి మరొకరిని పిలవాలి, లేదా ముహూర్తమే మార్చుకోవాలి. అందువల్ల ఇక్కడ వెంటనే ఫోను చేసి మాట్లాడాలి.

"తమ్ముడూ, ఆ రోజు నేను రాలేనురా. పాపకు పరీక్ష ఉంది. పాలు పొంగించడానికి చెల్లిని పిలువు. పరీక్షలు కాగానే అందరం వస్తాం."

ఇంత స్పష్టంగా చెప్పాలి. "చూద్దాంలే" అంటే వస్తుందనే అతడు అనుకొంటాడు. అతడు నొచ్చుకొంటే ఆ సంగతి గొంతులో తెలుస్తుంది, అప్పుడే సర్దిచెప్పవచ్చు. ఫోను ఎత్తకపోతే "నీతో మాట్లాడాలి, తీరిక ఎప్పుడు?" అని మాత్రం రాయాలి. రాలేనన్న మాట అందులో పెట్టకూడదు.

అదే వారంలో పొరుగు వీధి స్నేహితురాలు బిడ్డ పుట్టినరోజుకు పిలిచింది. ఒకరు తగ్గినంత మాత్రాన ఆ వేడుక ఆగదు. తమిళంలో చదువుకొన్న ఆమెకు తెలుగు మాట వచ్చు గాని తెలుగు అక్షరాలు రావు. ఆమెకు అరనిమిషం వాయిస్ మెసేజి చాలు. మాటలో ఆప్యాయత వినిపిస్తుంది, తీరిక దొరికినప్పుడు వింటుంది. అయితే దాన్ని నలుగురిలో వినవచ్చు, ఇతరులకూ పంపవచ్చు. కనుక ఇంటి గుట్టు అందులో చెప్పకూడదు.

ఇక కుప్పం ప్రయాణానికి మాట్లాడుకొన్న వ్యాను ఉంది. యజమానితో ఫోనులో వద్దని చెబితే "సరేనమ్మా" అంటాడు. తరువాత తేదీ మీదా, అడ్వాన్సు మీదా మాట తేడా రావచ్చు. అందుచేత ప్రయాణం తేదీ, ఇచ్చిన సొమ్ము, వ్యాను వద్దన్న మాట ఈ మూడూ రాసి పంపాలి. అతడి జవాబును దాచుకోవాలి.

ఒక్క మినహాయింపు ఉంది. కాదన్నా వినక పదేపదే ఒత్తిడి చేసేవారు దగ్గరి బంధువులైనా సరే, వారికి రాసి చెప్పడమే మేలు. ఫోనులో మొహమాటపడి ఒప్పుకొని, చివరి రోజున మానుకొంటే అవతలివారికి మరింత నష్టం.

మనం లేని లోటును అవతలివారు పూడ్చుకోవలసి ఉంటే మాట్లాడాలి. ఆప్యాయత తెలిపితే చాలుననుకొంటే గొంతు పంపాలి. తరువాత లెక్క చూసుకోవలసి వస్తే రాయాలి.