పత్తర్‌గట్టీలో పెన్సిల్ తీయండి

మా బొంగులూరు వైపు నుంచి ఆర్కిటెక్చర్ పిల్లలు పత్తర్‌గట్టీకి పోతారు. ఫోన్‌లో ఫోటోలు కొట్టి, ఇంటికొచ్చి వాటి మీదే గీతలు లాగి, గల్లీలో నిలబడి గీసిన స్కెచ్ అంటారు. సాఫ్‌గా చెప్తా, ఇది ధోఖా.

"ఫోటోలో గలతీ ఉండదు కదా చాచా" అంటారు. ఉంటుంది బేటా! దగ్గర నుంచి వైడ్‌లో తీస్తే అంచున ఉన్న స్తంభం లావుగా సాగిపోతుంది. పైగా 1908 వరద తర్వాత సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన ఆ రాతి కమాన్ల కన్నా ముందు ఫోన్‌కు దొరికేది ఫ్లెక్సీ బోర్డే.

పది నిమిషాలు సబర్ చేయండి. ముందు మీ కంటి ఎత్తున అడ్డంగా ఒక గీత. పైన కార్నిస్, కింద దుకాణాల గడపలు, రెండింటి వాలునూ పెన్సిల్‌తో పట్టి పొడిగిస్తే ఆ గీత మీదే ఒక చుక్కలో కలవాలి. కలవకపోతే మీ నజర్ తప్పింది. దగ్గరి రెండు స్తంభాలు కంటితో చూసి గీయండి. మొదటిదాని పైకొస నుంచి రెండోదాని నడుము మీదుగా నేలగీత దాకా ఏటవాలు గీత లాగితే, తగిలిన చోట మూడోది నిలుస్తుంది, కమాన్లన్నీ ఒకే వెడల్పు ఉంటేనే సుమా. దూరాన నడిచే మీ ఎత్తు మనిషి తల కూడా కంటి గీతనే తాకాలి.

బోర్డు చాటున ఉన్న కమాన్‌ను చుక్కల గీతతోనే వేయండి. చూసింది వేరు, అందాజా వేరు. స్కెచ్ కొలత కాదు గనక, ఒక కమాన్ వెడల్పు టేపుతో కొలిచి పక్కనే రాయండి.